ఫొటోలోని లంబకోణ త్రిభుజం: మూడో భుజం కనుక్కోవడం, అది త్రికమో కాదో తేల్చుకోవడం

లంబకోణ త్రిభుజం ఉన్న ఫొటో చూపించి చాలామంది అడిగేవి రెండే ప్రశ్నలు. మూడో భుజం ఎంత? మూడూ కలిసి పైథాగరస్ త్రికం అవుతాయా, అంటే మూడూ పూర్ణాంకాలేనా? లెక్క చిన్నదే. జవాబు తప్పేది ఎక్కువగా లెక్కలో కాదు, ఫొటోని చదవడంలో. ఏది కర్ణమో పొరబడతారు, మసక అంకెను ఇంకో అంకెగా చదువుతారు, జవాబు చక్కటి పూర్ణాంకంగా వచ్చిందని అక్కడితో తృప్తిపడతారు. మూడోదే అన్నిటికన్నా ప్రమాదం. ఎందుకో ఐదో దశలో కనిపిస్తుంది.

ఒకే ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా తీసుకుందాం. చేతిరాత కాగితం ఫొటో అది. త్రిభుజం కింది గీత పక్కన 65 అని ఉంది. ఎడమవైపు ఏటవాలు గీత పక్కన 33 అని ఉన్నట్టుంది, కానీ రెండో అంకె కాస్త అలుక్కుపోయింది. కుడివైపు గీత పక్కన ప్రశ్నార్థకం. లంబకోణాన్ని సూచించే చిన్న చతురస్రం పై మూలలో ఉంది.

కావలసినవి

- ఫొటో. కుదిరితే అసలు కాగితం కూడా దగ్గర పెట్టుకోండి.
- కాగితం, పెన్సిల్.
- కాలిక్యులేటర్. ఇది ఉన్నా లేకున్నా పని జరుగుతుంది.

ఫొటో మీద స్కేలు పెట్టి కొలిచే పని మాత్రం వద్దు. ఇలాంటి బొమ్మలు సాధారణంగా కొలతకు గీసినవి కావు. పైగా ఫోన్ వాలితే కోణాలు మారిపోతాయి, 90 డిగ్రీల మూల 80గానో 100గానో కనిపించవచ్చు. బొమ్మలో నమ్మదగినవి మూడే: రాసిన అంకెలు, లంబకోణం గుర్తు, ఏ అంకె ఏ గీతకు చెందిందో అన్నది.

1. ముందు అంకెలు చదవండి, లెక్క తర్వాత

ఫొటోని పెద్దది చేసి ఒక్కో కొలతనూ విడిగా చూడండి. చేతిరాతలో 1, 7 కలిసిపోతాయి. 3, 8, 9 కలిసిపోతాయి. 0, 6 కూడా అంతే. అనుమానం ఉన్న అంకె కనిపిస్తే అదే ఫొటోలో ఇంకెక్కడైనా ఆ చేతితో రాసిన అలాంటి అంకె ఉందేమో వెతకండి. ప్రశ్న సంఖ్యలోనో, పక్క లెక్కలోనో 3 ఉంటే, 9 ఉంటే, ఆ మనిషి వాటిని ఎలా రాస్తాడో తెలిసిపోతుంది. ఫొటో పెద్దది చేసి గంటసేపు చూడటం కన్నా ఇది మేలు.

అంకెలు కాకుండా ఇంకో మూడు చూడాలి. దశాంశ బిందువు తక్కువ వెలుతురులో మాయమవుతుంది, అప్పుడు 2.5 కాస్తా 25 అవుతుంది. వర్గమూలం గుర్తు పైగీత చెరిగిపోతే √45ని 45 అని చదివేస్తాం. ఇక ప్రమాణాలు: ఒక భుజం 1.2 మీటర్లు, ఇంకోటి 50 సెంటీమీటర్లు అని ఉంటే రెంటినీ ఒకే ప్రమాణంలోకి మార్చాకే లెక్క మొదలుపెట్టాలి. మార్చకుండా 1.2, 50 వర్గాలు కలిపితే 2501.44, దాని మూలం సుమారు 50.01. అది చూసి "కర్ణం 50" అనేస్తారు. నిజానికి భుజాలు 120, 50 సెంటీమీటర్లు, కర్ణం 130 సెంటీమీటర్లు.

మన ఉదాహరణలో రెండో అంకె 3 అనిపిస్తోంది, 8 కావచ్చు, 9 కూడా కావచ్చు. ప్రస్తుతానికి 33 అనుకుని ముందుకెళ్దాం, కాగితం మీద మాత్రం ఆ అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి.

2. కర్ణం ఏదో గుర్తించండి

లంబకోణం గుర్తు ఉన్న మూల మీద వేలు పెట్టండి. ఆ మూలను తాకని గీత ఏదో అదే కర్ణం. కింద ఉందా, పక్కన ఉందా, ఏటవాలుగా ఉందా అన్నది అనవసరం.

పాఠాల్లో లంబకోణం ఎక్కువగా కింది మూలలో, కర్ణం ఏటవాలుగా గీసి ఉంటుంది కాబట్టి "ఏటవాలుగా ఉన్నదే కర్ణం" అన్న అలవాటు పడిపోతుంది. మన ఫొటోలో ఆ అలవాటు మోసం చేస్తుంది. లంబకోణం పైన ఉంది, దాన్ని తాకని గీత కిందిది, అంటే కర్ణం 65. కుడివైపు ఏటవాలు గీతను కర్ణం అనుకుని 65, 33 వర్గాలు కలిపితే 5314 వస్తుంది, మూలం దాదాపు 72.9. చూడటానికి తప్పనిపించని సంఖ్యే, కానీ ఆ జవాబు వేరే త్రిభుజానిది.

చిన్న చతురస్రం గుర్తు ఫొటోలో కనిపించకపోతే ప్రశ్న వాక్యం చదవండి. "ఫలానా మూల వద్ద లంబకోణం" అని రాసి ఉండవచ్చు. అక్కడా లేకపోతే కంటిచూపుతో నిర్ణయించకండి. రెండు కొలతల్లో పెద్దది కర్ణమైతే ఒక జవాబు, కాకపోతే ఇంకో జవాబు వస్తాయి. రెండూ రాసి, ఏ ఊహకు ఏ జవాబో చెప్పడమే నిజాయితీ.

3. జవాబు ఎంతలోపు ఉండాలో ముందే రాసుకోండి

ఇది అర నిమిషం పని, పెద్ద పొరపాట్లన్నీ ఇక్కడే దొరికిపోతాయి.

కర్ణం తెలియనప్పుడు: అది పెద్ద భుజం కన్నా ఎక్కువ ఉండాలి, పెద్ద భుజానికి 1.415 రెట్లు దాటకూడదు. రెండు భుజాలూ సమానమైనప్పుడు మాత్రమే అది √2 రెట్లకు, అంటే సుమారు 1.414 రెట్లకు చేరుతుంది.

భుజం తెలియనప్పుడు: అది కర్ణం కన్నా తక్కువ, కర్ణానికీ తెలిసిన భుజానికీ ఉన్న తేడా కన్నా ఎక్కువ ఉండాలి.

మన లెక్కలో తేడా 65 − 33 = 32. కాబట్టి జవాబు 32కీ 65కీ మధ్య ఉండాలి. ఇందాకటి 72.9 ఈ గీత దాటిపోయింది.

4. లెక్క చేయండి

కర్ణం కావాలంటే రెండు భుజాల వర్గాలు కలిపి మూలం తీయాలి. భుజం కావాలంటే కర్ణం వర్గంలోంచి తెలిసిన భుజం వర్గం తీసేసి మూలం తీయాలి.

తీసివేతకు నేను ఎప్పుడూ ఒక దగ్గరి దారే వాడతాను. వర్గాలు వేరువేరుగా చేయకుండా, తేడాని మొత్తంతో గుణించండి:

65² − 33² = (65 − 33) × (65 + 33) = 32 × 98 = 3136

ఇందులో వేగం ఒక్కటే కాదు లాభం. 32ని 2 × 16గా, 98ని 2 × 49గా చూస్తే లబ్ధం 4 × 16 × 49 అవుతుంది. మూడూ వర్గాలే. కాబట్టి మూలం 2 × 4 × 7 = 56. కాలిక్యులేటర్ అక్కర్లేదు, గుండ్రం చేయడం లేదు, జవాబు పూర్ణాంకమా కాదా అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది.

కారణాంకాలు అంత సులువుగా కనిపించకపోతే చుట్టుపక్కల వర్గాలతో వెళ్లండి. 3136 అనేది 50² = 2500కీ 60² = 3600కీ మధ్య ఉంది. చివరి అంకె 6 కాబట్టి మూలం చివర 4 గానీ 6 గానీ ఉండాలి. 55² = 3025, మన సంఖ్య దానికన్నా పెద్దది, కనుక 56 అయ్యే వీలుంది. 56 × 56 వేసి చూడండి: 3136.

వెనక్కి తిప్పి సరిచూడండి: 33² + 56² = 1089 + 3136 = 4225, 65² కూడా 4225. మూడో దశలో రాసుకున్న హద్దుల్లోనూ 56 ఉంది.

కూడికలో ఎక్కువగా కనిపించే తప్పు ఒకటి ఉంది. 8, 15 ఇస్తే ముందు కలిపి 23 అని, దాన్ని వర్గం చేసి మళ్లీ మూలం తీస్తారు, వచ్చేది మళ్లీ 23 మాత్రమే. సరైనది 64 + 225 = 289, మూలం 17. మీకొచ్చిన కర్ణం రెండు భుజాల మొత్తానికి సరిగ్గా సమానమైతే జరిగింది ఇదే.

5. త్రికమేనా? ఇక్కడ నిదానించండి

త్రికం అనాలంటే రెండు షరతులు. మూడు కొలతలూ సున్నా కన్నా పెద్ద పూర్ణాంకాలు కావాలి. వర్గాల సమీకరణం ఒక్క అంకె తేడా లేకుండా కచ్చితంగా నిలవాలి. 33, 56, 65 రెంటికీ నిలిచాయి.

"దాదాపు" అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. భుజాలు 8, 9 అయితే 64 + 81 = 145, మూలం సుమారు 12.04. కాలిక్యులేటర్ తక్కువ దశాంశాలు చూపేలా పెట్టి ఉంటే తెర మీద 12.0 అని వస్తుంది. 12² మాత్రం 144. ఒక్కటి తేడా, అయినా అది త్రికం కాదు. 5, 5, 7 కూడా అంతే, 50కీ 49కీ ఒకటే తేడా. అందుకే తెర మీది సంఖ్యను నమ్మకుండా, దగ్గరి పూర్ణాంకాన్ని మళ్లీ వర్గం చేసి మూలం తీసిన సంఖ్యతో పోల్చండి. ఈ ఒక్క పరీక్ష చాలు.

లెక్క చేయకముందే కొన్నిటిని వడకట్టవచ్చు. సంపూర్ణ వర్గం చివర 2, 3, 7, 8 ఎప్పటికీ రావు. తెలిసిన రెండు భుజాలూ (కర్ణం కాదు) బేసి సంఖ్యలైతే కర్ణం ఎప్పటికీ పూర్ణాంకం కాదు. ఇంకా ఏ త్రికంలోనైనా రెండు చిన్న భుజాల్లో కనీసం ఒకటి 3తో, కనీసం ఒకటి 4తో భాగింపబడాలి. 5తో మూడింటిలో ఏదో ఒకటి భాగింపబడాలి. మనదాంట్లో 33 మూడుతో, 56 నాలుగుతో, 65 ఐదుతో పోతాయి.

ఇవన్నీ "కాదు" అని చెప్పడానికే పనికొస్తాయి, "అవును" అని చెప్పలేవు. ఆ అలుక్కుపోయిన అంకెను 8 అనుకుని చూడండి. అప్పుడు భుజం 38, లబ్ధం 27 × 103 = 2781. చివరి అంకె 1, వడపోత దాటింది. అంకెల మొత్తం 18, అదీ వర్గాలకు కుదిరేదే. అయినా 52² = 2704, 53² = 2809, ఈ రెంటి మధ్యలో పడింది కాబట్టి 2781 సంపూర్ణ వర్గం కాదు. మూడో భుజం సుమారు 52.74, త్రికం లేదు.

అంటే అంకె 3 అని రుజువైనట్టేనా? చాలామంది ఇక్కడ ఆగిపోతారు: "8 అయితే దశాంశం వచ్చింది, 3 అయితే చక్కగా 56 వచ్చింది, కాబట్టి 3." ఆ అంకె 9 అయితే ఏమవుతుందో చూడండి:

65² − 39² = 26 × 104 = 2704 = 52²

39, 52, 65 కూడా త్రికమే. రెండు రకాలుగా చదివినా జవాబు పూర్ణాంకమే వచ్చింది! 65 కర్ణంగా నాలుగు త్రికాలున్నాయి, వాటి భుజాల జతలు: 16, 63; 25, 60; 33, 56; 39, 52. 65 = 5 × 13 కావడం, ఆ రెండూ విడివిడిగా కర్ణాలు కాగలగడం (3, 4, 5; 5, 12, 13) దీనికి మూలం. కాబట్టి పూర్ణాంకం వచ్చినంత మాత్రాన అంకెను సరిగా చదివామని అర్థం కాదు. పైగా ప్రశ్న రాసినవారు పూర్ణాంకమే రావాలని అనుకున్నారన్న హామీ కూడా లేదు, 52.74 వచ్చేలా ఇచ్చిన ప్రశ్న కూడా ఉండవచ్చు.

తేల్చడానికి బయటి ఆధారం కావాలి. ప్రశ్నలో చుట్టుకొలత ఇచ్చి ఉంటే 33, 56, 65కి అది 154; 39, 52, 65కి 156. వైశాల్యం ఇచ్చి ఉంటే మొదటిదానికి 924, రెండోదానికి 1014. ఇవేవీ లేకపోతే మొదటి దశలో చెప్పినట్టు అదే చేతిరాతలోని మిగతా 3, 9లతో పోల్చండి. ఏదీ దొరక్కపోతే రెండు జవాబులూ రాసి కాగితం ఇచ్చినవారిని అడగండి. ఊహించి ఒకటి ఎంచుకోవడం కన్నా అదే మంచిది.

6. మూల త్రికమా, గుణిజమా

త్రికం అని తేలాక మూడింటికీ ఉమ్మడి కారణాంకం ఉందేమో చూడండి. 33, 56లకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు, కనుక 33, 56, 65 మూల త్రికం. 39, 52, 65 మూడూ 13తో పోతాయి, భాగిస్తే 3, 4, 5. గ.సా.భా. రెండు సంఖ్యలకు కనుక్కుంటే చాలు, ఆ రెంటినీ భాగించేది మూడోదాన్నీ తప్పక భాగిస్తుంది.

ఈ అలవాటు లెక్కను చాలా తగ్గిస్తుంది. 39, 65 చూడగానే 13 తీసేస్తే 3, 5 మిగులుతాయి, మూడోది 4 అని తెలిసిందే, మళ్లీ 13తో గుణిస్తే 52. ప్రాచీన గ్రంథం బౌధాయన శుల్బసూత్రంలో దీర్ఘచతురస్రాల భుజాలుగా ఇచ్చిన జతల్లో 3, 4; 5, 12; 8, 15; 7, 24; 12, 35లతో పాటు 15, 36 కూడా ఉంది. అది 5, 12కి మూడు రెట్లే, కర్ణం 39. ఈ జతలు నోటికి వస్తే పాఠాల్లో కనిపించే ప్రశ్నల్లో చాలావాటికి మూలం తీసే పని ఉండదు.

దశాంశాలున్నప్పుడు జవాబు జాగ్రత్తగా రాయండి. 0.5, 1.2, 1.3 మీటర్లు అలాగే చూస్తే త్రికం కాదు, ఎందుకంటే పూర్ణాంకాలు కావు. సెంటీమీటర్లలో 50, 120, 130, అప్పుడు త్రికమే. "నిష్పత్తి 5 : 12 : 13" అని రాస్తే రెండు విధాలా సరిపోతుంది. 1, 1, √2 మాత్రం ఏ ప్రమాణంలోకి మార్చినా త్రికం కాదు.

7. అంకెలు లేని ఫొటో అయితే

గోడ మూలనో, చెక్క చట్రాన్నో ఫొటో తీసి అడిగేవారూ ఉంటారు. అక్కడ రాసిన కొలతలు ఉండవు కాబట్టి కొలవక తప్పదు. అందుకు ఫొటో త్రిభుజానికి ఎదురుగా, ఫోన్ ఏ పక్కకూ వాలకుండా తీయాలి. త్రిభుజం ఉన్న తలంలోనే తెలిసిన పొడవు ఒకటి ఉండాలి. కొలబద్ద రెండడుగులు ముందుకు పెడితే అది పెద్దదిగా కనిపించి లెక్క మొత్తం తప్పుతుంది.

ఉదాహరణకు తెలిసిన భుజం 120 సెంటీమీటర్లు, ఫొటోలో అది 800 పిక్సెళ్లు. అంటే పిక్సెల్‌కు 0.15 సెంటీమీటరు. రెండో భుజం 602 పిక్సెళ్లు ఉంటే 90.3 సెంటీమీటర్లు. కర్ణం లెక్క ప్రకారం √(120² + 90.3²), సుమారు 150.2. ఇప్పుడు కర్ణాన్ని కూడా ఫొటోలో విడిగా కొలవండి. 1001 పిక్సెళ్లు వస్తే 150.15, లెక్కతో కలిసింది, కాబట్టి ఫొటో సరిగ్గానే ఎదురుగా తీశారని, మూల లంబకోణానికి దగ్గరగా ఉందని అనుకోవచ్చు. కొలిచిన కర్ణం 145 అనో 156 అనో వస్తే ఫొటో వాలి ఉంది, లేదా ఆ మూల లంబకోణం కాదు. ఏదో తెలియాలంటే ఫొటో మళ్లీ తీయాలి, లేదా టేపుతో కొలవాలి.

ఈ కొలతలు 90, 120, 150కి ఎంత దగ్గరున్నా "ఇది త్రికం" అని రాయకండి. గీత చివర ఎక్కడుందో గుర్తించడంలో మూడు పిక్సెళ్లు అటూ ఇటూ అయితేనే అర సెంటీమీటరుకు దగ్గరగా తేడా వస్తుంది. కొలిచిన పొడవుకు ఎప్పుడూ కొంత అనిశ్చితి ఉంటుంది, త్రికానికి కచ్చితమైన పూర్ణాంకాలు కావాలి. "భుజాలు సుమారు 3 : 4 : 5 నిష్పత్తిలో ఉన్నాయి, తేడా అర సెంటీమీటరు లోపు" అని రాస్తే సరైన జవాబు.